బండ 2 అడుగులు కాదు, 22 అంగుళాలు: జడ్చర్ల హాలుకు ఫొటోలో టైల్స్ వేసిన కేస్ స్టడీ

మహబూబ్‌నగర్‌లో రెండు మూడు టైల్స్ షాపులకు నేను చేసే పని ఒకటే. ఇంటివాళ్లు తమ గది ఫొటో, షాపులో నచ్చిన టైల్ ఫొటో ఇస్తారు. ఆ గదిలో పాత ఫ్లోరింగ్ తీసేసి ఈ టైల్ వేస్తే ఎలా ఉంటుందో బొమ్మ చేసి ఇస్తాను. ఇది జడ్చర్లలోని ఒక ఇంటి హాలు కథ. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. ఈ పని చేసే ఎవరైనా చేయగల తప్పు అది, అందుకే వివరంగా రాస్తున్నాను.

పాలమూరు వైపు ముప్ఫై నలభై ఏళ్ల కిందటి ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి బండలే. కొడంగల్ దాటితే తాండూరు, అక్కడి గనుల నుంచి వచ్చే సున్నపురాయి. కొందరు తాండూరు బండలంటారు, కొందరు షాబాద్ బండలంటారు. ఈ హాలులోనూ అవే, నీలం కలిసిన బూడిద రంగువి. వీధి తలుపు నుంచి వంటింటి వైపు గోడ దాకా పొడవున 11 బండలు, అడ్డంగా 6. ఆ ఇంటి అక్క ఎంచుకున్న టైల్ లేత క్రీమ్ రంగుది. పాలరాయి గీతలున్న మ్యాట్ ఫినిష్, షాపులో 2 బై 4 అంటారు.

మొదటి ఫొటో వాళ్ల అబ్బాయి తీసి పంపాడు. వంటింటి గుమ్మంలో నిలబడి వీధి తలుపు వైపు తీశాడు. ఫోన్‌లో 0.5 లెన్స్ కాకుండా 1x తోనే తీయమని ముందే చెప్పాను. వెడల్పు లెన్స్‌తో తీస్తే అంచుల దగ్గర నేల గీతలు వంకర పోతాయి, ఆ వంకర మీద ఏ లెక్కా కుదరదు. అబ్బాయి చక్కగా తీశాడు. బండల మధ్య సిమెంటు గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి.

ఆ గీతలే ఈ పనికి స్కేలు. నేల చదునైనది కాబట్టి పైనుంచి చూసిన ప్లానులో ఒక బిందువుకూ ఫొటోలో అదే బిందువుకూ మధ్య ఉండే సంబంధాన్ని హోమోగ్రఫీ అనే 3×3 పట్టికతో రాయొచ్చు. నాలుగు బిందువులు తెలిస్తే ఆ పట్టిక దొరుకుతుంది. నేను నాలుగుతో ఆగను. బండల గీతలు కలిసే మూలలు ఫొటోలో ఇరవై దాకా గుర్తుపెడతాను. అవి ఒకే చోట గుంపుగా ఉండకుండా గది నాలుగు మూలలకూ పరుచుకునేలా చూస్తాను, ఎందుకంటే దగ్గరి బిందువుల్లో ఒక పిక్సెల్ తేడా వచ్చినా దూరపు గోడ దగ్గర అది చాలా పెద్ద తేడాగా పెరగొచ్చు. తర్వాత ప్లాను కొలతలు మిల్లీమీటర్లలో ఇచ్చి, పైథాన్‌లో OpenCV లైబ్రరీతో పట్టిక తీస్తాను.

```python
H, _ = cv2.findHomography(plan_mm, photo_px)
S = np.diag([3.0, 3.0, 1.0])
big = cv2.warpPerspective(sheet, S @ H, (3*w, 3*h))
floor = cv2.resize(big, (w, h), interpolation=cv2.INTER_AREA)
```

ఇందులో `sheet` అంటే గది నేల మొత్తానికి పైనుంచి చూసినట్టు పరిచిన టైల్స్ బొమ్మ. ఒక మిల్లీమీటరుకు ఒక పిక్సెల్. `w`, `h` అంటే ఫొటో వెడల్పు, ఎత్తు. మూడింతలు పెద్దగా వేసి తర్వాత కుదించడం ఎందుకంటే, దూరాన టైల్స్ మధ్య గీత ఒక పిక్సెల్ కన్నా సన్నబడుతుంది. నేరుగా వేస్తే తలుపు దగ్గర గీతలు తెగిపోయి మిలమిలలాడే చుక్కల్లా వస్తాయి. `cv2.warpPerspective`కు `INTER_AREA` అని రాసినా అది పట్టించుకోదు, మామూలు లీనియర్ పద్ధతిలోనే వేస్తుంది. అందుకే రెండు మెట్లలో చేయాలి.

బండల కొలత అడిగితే ఇంటాయన ఫోన్‌లో "రెండు బై రెండు బండలే సార్" అన్నాడు. మన దగ్గర ఎవరిని అడిగినా అదే మాట చెప్తారు, నేనూ అదే రాసుకున్నాను. 11 బండలంటే 22 అడుగులు, 6 బండలంటే 12 అడుగులు. ఆ లెక్కతో షీటు చేసి, వంటింటి వైపు నుంచి నిండు టైల్స్ మొదలుపెట్టి పరిచాను. ఇక్కడ ఒక మాట. 2 బై 4 అని పిలిచినా టైల్ అసలు కొలత 600 బై 1200 మిల్లీమీటర్లు, అంటే 2 బై 4 అడుగుల కన్నా కాస్త తక్కువ. 22 అడుగులంటే 6706 మిల్లీమీటర్లు. 2 మిల్లీమీటర్ల గీతలతో ఐదు నిండు టైల్స్ పోగా వీధి తలుపు దగ్గర 696 మిల్లీమీటర్ల ముక్క మిగిలింది. అర టైల్ కన్నా ఎక్కువే కాబట్టి చూడ్డానికి బాగుంది. పక్క గోడ వెంట మాత్రం 46 మిల్లీమీటర్ల సన్న పట్టీ మిగిలింది. స్కర్టింగ్ పక్కన పడుతుంది కదా అని వదిలేశాను. ఆ పట్టీని చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బొమ్మ ఇంటివాళ్లకు నచ్చింది. రెండు రోజులకు టైల్స్ వేసే మేస్త్రి టేపు తీసుకుని వెళ్లాడు. అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మీ బొమ్మల తలుపు కాడ సగం టైల్ ఉన్నది. ఈడ కొలిస్తే ఐదున్నర ఇంచుల ముక్క వస్తున్నది. ఇంట్లకు అడుగు పెట్టంగనే అదే కండ్ల పడ్తది."

సాయంత్రం నేనే వెళ్లాను. గోడ నుంచి గోడకు 20 అడుగుల 2 అంగుళాలు, అడ్డం 11 అడుగులు. బండ మీద టేపు పెట్టి చూస్తే 22 అంగుళాలు. మాటలో 2 అడుగులు, టేపు మీద 22 అంగుళాలు!

నన్ను ఇబ్బంది పెట్టింది ఏమిటంటే, నా బొమ్మలో ఎక్కడా ఈ తప్పు తెలియలేదు. పని సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి నేను ఎప్పుడూ బండల గళ్లను తిరిగి ఫొటో మీద గీసి చూస్తాను. ఇక్కడా గీసి చూశాను, ప్రతి గీతా సిమెంటు మీదే కూర్చుంది. కూర్చోక తప్పదు. హోమోగ్రఫీకి తెలిసేది నిష్పత్తులు మాత్రమే. బండ 22 అంగుళాలైనా 24 అంగుళాలైనా, చివరికి 10 అడుగులైనా, 11 గళ్లు 11 గళ్లే. లెన్స్ వంకర ఉంటే గళ్లు పక్కకు జరిగి పట్టిస్తాయి, గుర్తుపెట్టిన బిందువు తప్పినా పట్టిస్తాయి. స్కేలు తప్పితే మాత్రం అవి ఏమీ చెప్పవు. దాన్ని పట్టుకోవాలంటే కొలత ముందే తెలిసిన ఇంకో వస్తువు నేల మీద ఉండాలి.

అప్పటి నుంచి నేల మధ్యలో ఒక ఏ4 తెల్ల కాగితం పరచకుండా నేను ఫొటో తీయించను. దాని పొడవు 297 మిల్లీమీటర్లు. బండను 24 అంగుళాలని రాసుకుని కొలిస్తే అదే కాగితం 324 అని వస్తుంది. ఆ ఒక్క అంకెతో తప్పు అక్కడే బయటపడుతుంది. ఆ రోజు ఆ హాలులోనూ కాగితం పరిచి, ఫోన్ తెర మీద వేలు అదిమి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, ఫొటోలు మళ్లీ తీసుకున్నాను. వంటింటి గుమ్మం మధ్య నుంచి ఒకటి, రెండడుగులు పక్కకు జరిగి ఇంకొకటి. రెండోది ఎందుకో తర్వాత చెప్తాను.

సరైన కొలతతో ఇప్పుడు పొడవు 6147 మిల్లీమీటర్లు. ఐదు నిండు టైల్స్, ఐదు గీతలు పోగా మిగిలేది 137. మేస్త్రి చెప్పిన ముక్క అదే. అడ్డంగా 3353లో ఐదు నిండు వరసలు పోగా 343 మిగులుతుంది, దానితో ఇబ్బంది లేదు. తలుపు దగ్గరి ముక్కకు మాత్రం రెండు దారులు. ఒకటి, మధ్యలో నాలుగు నిండు టైల్స్ పెట్టి రెండు చివర్లా 668 మిల్లీమీటర్ల ముక్కలు వేయడం. ఇది కంటికి సమంగా ఉంటుంది. కానీ 1200లో 668 కోస్తే మిగిలే 532 ఎక్కడా పనికిరాదు. మొత్తం 36 టైల్స్ కావాలి, పెట్టెకు రెండు చొప్పున 18 పెట్టెలు. రెండోది, వీధి తలుపు దగ్గర నిండు టైల్‌తో మొదలుపెట్టి 137 ముక్కను వంటింటి వైపుకు నెట్టడం. ఆ పట్టీకి కావాల్సిన ముక్కలన్నీ ఒకే టైల్‌లోంచి కోయొచ్చు కాబట్టి 31 టైల్స్ సరిపోతాయి, 16 పెట్టెలు. రెండింటిలోనూ పగిలేవాటి కోసం పైన వేసుకోవాల్సింది వేరు. రెండు దారులకూ రెండు షీట్లు చేశాను.

ఇక రంగు, వెలుతురు. ఈ పనిలో నాకు ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. కొత్త టైల్‌ను కేవలం అతికిస్తే నేల మీద కాగితం పరిచినట్టు ఉంటుంది. కుర్చీ కింద నీడ, కిటికీ దగ్గర వెలుగు, మూలల్లో చీకటి పాత ఫొటోలో నేల మీదే ఉన్నాయి. వాటిని పాత బండ రంగు నుంచి విడదీసి కొత్త టైల్ మీదికి తేవాలి. చాలామంది పాత నేలను నలుపు తెలుపు చేసి, మసకబరిచి, కొత్తదానితో గుణిస్తారు. నున్నటి ఒకే రంగు నేలకైతే అది సరిపోతుంది. తాండూరు బండకు సరిపోదు. ఒకే గనిలో తీసినవైనా ఒక బండ ముదురుగా, పక్కది లేతగా ఉంటుంది. మసకబరిచి గుణిస్తే ఆ తేడాలు కొత్త టైల్ మీద 22 అంగుళాల చతురస్రపు మచ్చలుగా తేలతాయి. చూసేవాళ్లు ఇదేమిటో చెప్పలేరు. "ఏదో మురికిగా ఉంది" అంటారంతే.

దీన్ని విడదీసే ఆధారం బండల్లోనే ఉంది. వెలుతురులో తేడా సిమెంటు గీత దగ్గర సరిగ్గా ఆగితే అది బండ రంగు. గీత దాటి పక్క బండ మీదికి సాగితే అది నీడ. గీతలన్నీ ఎక్కడున్నాయో హోమోగ్రఫీ వల్ల మనకు తెలుసు కదా. నేలను ప్లానులోకి తిప్పి, 66 బండల్లో ఒక్కోదానికి మధ్యస్థ వెలుతురు విలువ తీస్తాను. ఆ 66 విలువల గుండా మెల్లగా వంగే ఒక ఉపరితలాన్ని కూర్చితే అది గది వెలుతురు. ఆ ఉపరితలం కన్నా ఒక్కో బండ ఎంత ఎక్కువ తక్కువ ఉందో అది ఆ బండ సొంత రంగు. దానితో భాగించేస్తే 66 బండలూ ఒకే రాయి అయినట్టు కనబడతాయి. సిమెంటు గీతలను పక్క పిక్సెళ్లతో పూడ్చేస్తాను. మిగిలేది నీడలు, వెలుగులు మాత్రమే. ఒక చిక్కు ఉంది. పెద్ద వస్తువు నీడ ఒక బండ మొత్తాన్ని కప్పేస్తే ఈ లెక్క దాన్ని బండ రంగు అనుకుంటుంది. ఈ హాలులో దివాన్ కింద అలాగే జరిగింది. అక్కడి బండలను లెక్క నుంచి తప్పించి చేత్తో సరిచేశాను.

ఈ భాగించడాలు, గుణించడాలు ఫొటోలోని 0 నుంచి 255 అంకెల మీద నేరుగా చేయకూడదు. ఆ అంకెలు కంటికి అనుకూలంగా వంచినవి. ముందు వాటిని నిజమైన కాంతి పరిమాణంలోకి మార్చాలి.

```python
def lin(c):
    c = c / 255.0
    return np.where(c <= 0.04045, c / 12.92,
                    ((c + 0.055) / 1.055) ** 2.4)
```

ఫోన్ తన సొంత మెరుగులు కూడా దిద్దుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపే. అయినా ఇది చేయకపోతే ముదురు నీడలు కొత్త టైల్ మీద ఉండాల్సిన దాని కన్నా నల్లగా పడతాయి.

తర్వాతి ప్రశ్న, కొత్త టైల్ ఎంత తెల్లగా ఉండాలి? కంటికి బాగుందనిపించే దాకా పెంచడం, తగ్గించడం నాకు నచ్చదు. అలా చేస్తే ప్రతి టైలూ అందంగానే వస్తుంది, ఇంటికొచ్చాక తేడా కొడుతుంది. దీనికీ ఆ ఏ4 కాగితమే పనికొచ్చింది. షాపులో టైల్‌ను డిస్‌ప్లే లైట్ల కింద తీయకుండా బయట నీడలో నేల మీద పరిచి, పక్కన అదే కట్టలోని కాగితం పెట్టి, నేరుగా పైనుంచి ఫొటో తీశాను. అక్కడ కాగితంతో పోలిస్తే టైల్ వెలుతురు 0.75 వంతు. హాలులో కాగితం విలువ 0.50. అంటే ఆ చోట టైల్ ఉంటే 0.375 రావాలి. కాగితం పక్కనే ఉన్న బండ విలువ 0.12. కాబట్టి ఈ గదిలో కొత్త నేల పాతదాని కన్నా మూడింతలకు కాస్త ఎక్కువ వెలుగ్గా ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా ఇదే లెక్క చేస్తే రంగు కూడా దానంతట అదే సరిపోతుంది. ట్యూబ్‌లైటా, పగటి వెలుతురా అని ఆలోచించే పని లేదు.

ఇలా వేశాక వీధి తలుపు ముందు నేల తెల్లగా కాలిపోయింది. అక్కడ పాత బండ విలువ 0.40. లెక్క ప్రకారం కొత్తది 1.25, అంటే ఫొటో చూపించగల 1ని దాటేసింది. కారణం వెతికితే, అక్కడున్నదంతా బండ మీద పడ్డ వెలుతురు కాదు. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి బండ నున్నబడింది. తెరిచిన తలుపు దాని మీద అద్దంలో లాగా మెరుస్తోంది. ఆ మెరుపు పాత బండ గుణం, మ్యాట్ టైల్‌కు దాన్ని అంటించకూడదు. మెరుపు కూడా నీడలాగే గీతలు దాటి పోతుంది కాబట్టి బండల లెక్క దాన్ని పట్టుకోలేదు. మనం జరిగితే మెరుపు జరుగుతుంది, ఎండ మాత్రం పడ్డచోటే ఉంటుంది. రెండో ఫొటో అందుకే తీశాను. రెండింటినీ వాటి వాటి హోమోగ్రఫీలతో ప్లానులోకి తిప్పి, ప్రతి బిందువు దగ్గర రెండు విలువల్లో తక్కువది తీసుకున్నాను. మెరుపు ఎప్పుడూ కలిపేదే కానీ తగ్గించేది కాదు. తలుపు దగ్గర 0.40 కాస్తా 0.28 అయింది, కొత్త టైల్ విలువ 0.875కు దిగింది. కాలిన మచ్చ పోయి తలుపు ముందు మామూలు వెలుగు మిగిలింది. రెండు ఫొటోల ఎక్స్‌పోజర్ ఒకటే కాకపోతే ఈ పద్ధతి పనిచేయదు, లాక్ చేసింది అందుకే.

టైల్ ఫొటోలో చూసుకోవాల్సింది ఒకటుంది. ఒక మూల కొద్దిగా చీకటిగా ఉన్నా, ఒక్క టైల్‌గా చూస్తే తెలియదు. ముప్ఫై సార్లు పక్కపక్కన పరిస్తే నేల మీద నిచ్చెన మెట్లలా కనబడుతుంది. అదే చోట, అదే వెలుతురులో తెల్ల కాగితాలు టైల్ అంత మేర పరిచి ఇంకో ఫొటో తీసి, దానితో భాగిస్తే ఆ తేడా పోతుంది. పాలరాయి గీత కూడా అంతే. కంపెనీ ఒకే డిజైన్‌లో నాలుగైదు రకాల గీతలు అచ్చువేస్తుంది, పెట్టెల్లో అవి కలిసి వస్తాయి. షాపులో అడిగి మూడు వేర్వేరు ముక్కలు తీయించి ఫొటో తీసుకున్నాను. వాటిని తలకిందులుగా కూడా తిప్పి వాడాను. ఒకే ముక్కతో చేస్తే అదే గీత వరుసగా కనబడి నేల ప్లాస్టిక్ షీట్‌లా అవుతుంది.

నేల ఎక్కడ, వస్తువులు ఎక్కడ అని విడదీసే మాస్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అది ఓపికతో చేసే పని. కిటికీ కింద అక్క కుట్టు మిషన్ ఉంది. దాని ఇనుప కాళ్ల జాలీ సందుల్లోంచి నేల కనబడుతుంది, ఒక్కో సందునూ విడిగా కోయాల్సి వచ్చింది. దానికే గంట పట్టింది. ఆ సందుల్లో పాత బండ రంగు మిగిలితే బొమ్మ అబద్ధమని మొదట అక్కడే తెలిసిపోతుంది.

రెండు బొమ్మలూ పట్టుకుని వెళ్లాను. మేస్త్రి కూడా వచ్చాడు. అక్క రెండింటినీ కాసేపు చూసి, "ఇది మంచిగ ఉన్నది గని రెండు పెట్టెలు ఎక్కువ ఎందుకు తమ్మీ? తలుపు కాడ నిండు టైల్ రానీ. ఆ చిన్న ముక్క దివాన్ కిందికి పోతది" అంది. వంటింటి గుమ్మం ముందు మాత్రం మూడడుగుల మేర ముక్క కనబడుతుందని చూపించాను. వంటింట్లో బండలే ఉంచుతున్నారు కాబట్టి అక్కడ ఎలాగూ గీత వస్తుంది, పర్వాలేదంది. మేస్త్రి ఇంకో సంగతి గుర్తుచేశాడు. బండలు తీయకుండా పైనే టైల్స్ వేస్తున్నారు, టైల్, కింది అంటు కలిసి నేల లేస్తుంది, వీధి తలుపు అడుగు చెక్కాలి. ఫొటోలో నేల ఎత్తు పెరగడం నేను చూపించలేదు. అప్పటి నుంచి బొమ్మ కింద ఆ మాట రాసి ఇస్తున్నాను.

పని అయ్యాక వెళ్లి అదే గుమ్మంలో నిలబడి, తలుపు అదే మేర తెరిపించి ఫొటో తీశాను. నా బొమ్మ పక్కన పెట్టి చూశాను. టైల్స్ గీతలు ఎక్కడికక్కడ కలిశాయి, తలుపు దగ్గర నిండు టైల్, నేల రంగు కూడా దగ్గరగానే ఉంది. తేడా నేల మీద కాదు, గోడల మీద కనబడింది. నిజం ఫొటోలో గోడల అడుగు భాగం మోకాలి ఎత్తు దాకా వెలుగ్గా ఉంది, కుట్టు మిషన్ బల్ల అడుగు కూడా కనబడుతోంది. ముదురు బండ కాంతిని మింగేసేది. లేత టైల్ దాన్ని పైకి విసురుతోంది, కొద్దిగా క్రీమ్ రంగు అద్ది మరీ. నేను నేల ఒక్కటే మార్చాను. గోడలు ఇంకా పాత నేల వెలుతురులోనే ఉండిపోయాయి. అందుకే నా బొమ్మలో హాలు నిజం కన్నా ఇరుకుగా కనబడింది.

ఇప్పుడు ముదురు నేల మీద లేత టైల్ వేసే ప్రతి బొమ్మలో గోడల అడుగున, ఫర్నిచర్ కింది వైపున టైల్ రంగు వెలుతురును కొద్దిగా కలుపుతున్నాను. నేల దగ్గర ఎక్కువగా, పైకి పోయేకొద్దీ తగ్గేలా. ఎంత కలపాలో ఈ హాలు రెండు ఫొటోల నుంచే తీసుకున్నాను.